వేగం పెరిగితే లాగుడు ఎందుకు తగ్గుతుంది?

జపాన్ కంపెనీ నిస్సాన్ 2010లో అమ్మకానికి తెచ్చిన లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారు వివరాల పట్టికలో మోటారు గురించి రెండు వరుసలున్నాయి. గరిష్ఠ టార్క్ 280 న్యూటన్ మీటర్లు, అది సున్నా నుంచి నిమిషానికి 2,730 చుట్ల వరకు. గరిష్ఠ శక్తి 80 కిలోవాట్లు, అది 2,730 నుంచి 9,800 చుట్ల వరకు. ఒక వరుస ఏ అంకె దగ్గర ఆగిందో రెండో వరుస సరిగ్గా అక్కడే మొదలైంది.

టార్క్ అంటే ఇరుసును మెలితిప్పే బలం. మీటరు పొడవున్న కడ్డీ చివర సుమారు ఇరవై ఎనిమిదిన్నర కిలోల బరువు వేలాడదీస్తే రెండో చివర పడే మెలి 280 న్యూటన్ మీటర్లు. ఆ మెలిని తిరిగే వేగంతో గుణిస్తే శక్తి వస్తుంది. 280ని 2,730 చుట్ల వేగంతో లెక్కగడితే వచ్చేది దాదాపు కచ్చితంగా 80 కిలోవాట్లే. అంటే ఆ వేగం వరకు మెలి మారదు, వేగంతోపాటు శక్తి పెరుగుతూ పోతుంది. ఆ వేగం దాటాక శక్తి మారదు, మెలి తగ్గుతూ పోతుంది. 5,460 చుట్ల దగ్గర 140 న్యూటన్ మీటర్లే మిగులుతాయి. 9,800 దగ్గరికి వచ్చేసరికి అది 78కి పడిపోతుంది.

ఈ గీటురాయి లాంటి వేగాన్ని ఇంజినీర్లు బేస్ స్పీడ్ అంటారు. దానికి దిగువన ఉన్నది స్థిర టార్క్ ప్రాంతం, ఎగువన ఉన్నది స్థిర శక్తి ప్రాంతం. బేస్ స్పీడ్ దాటించడానికి మోటారు లోపలి అయస్కాంత క్షేత్రాన్ని కావాలనే బలహీనపరుస్తారు. ఆ పని పేరు ఫీల్డ్ వీకెనింగ్. క్షేత్రం తగ్గిస్తే మోటారు నెమ్మదించాలి గదా, వేగం ఎలా పెరుగుతుంది? పెరిగితే పెరిగింది, లాగుడు ఎందుకు పోవాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్క చోటే ఉంది.

ఆ జవాబు కంటికి కనిపించేది ఇంజినీరింగ్ కాలేజీల ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్‌లో. ట్రిపుల్ఈ చదివిన వాళ్లు చాలామంది చేసి ఉండే ప్రయోగం ఒకటుంది: డీసీ షంట్ మోటారు వేగ నియంత్రణ. నేలకు బిగించిన మోటారు, పక్కన రెండు రియోస్టాట్లు, చేతిలో టాకోమీటరు. ఒక రియోస్టాట్ తిరిగే భాగమైన ఆర్మేచర్‌కు, రెండోది అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే ఫీల్డ్ చుట్టకు సిరీస్‌లో ఉంటాయి. మొదటి సగంలో ఫీల్డ్‌ను కదపకుండా ఆర్మేచర్ వోల్టేజీని మారుస్తారు. వేగం 1,500 దాకా సరళరేఖలా పెరుగుతుంది. అక్కడికి సరఫరాలో ఉన్న 220 వోల్టులూ ఆర్మేచర్‌కు అందేశాయి, ఇక ఇవ్వడానికి ఏమీ లేదు. రెండో సగంలో ఫీల్డ్ రియోస్టాట్ జారుడు పిడిని కొద్దికొద్దిగా జరుపుతారు. ఫీల్డ్ కరెంటు తగ్గిన కొద్దీ టాకోమీటరు మీద 1,550, 1,600, 1,700 అంటూ అంకె ఎక్కుతుంది.

మోటారు తిరుగుతున్నప్పుడు దాని చుట్టలు అయస్కాంత క్షేత్రాన్ని కోస్తుంటాయి. క్షేత్రాన్ని కోసే ఏ చుట్టలోనైనా వోల్టేజీ పుడుతుంది. అంటే తిరుగుతున్న ప్రతి మోటారూ లోలోపల ఒక జనరేటరే. అది పుట్టించే వోల్టేజీ సరఫరా వోల్టేజీకి ఎదురు నిలబడుతుంది. దీన్నే బ్యాక్ ఈఎంఎఫ్ అంటారు. అది ఎంత ఉంటుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: క్షేత్రం బలం, తిరిగే వేగం. మోటారు టార్క్ కూడా రెండింటి మీదే ఆధారపడుతుంది: అదే క్షేత్రం బలం, ఆర్మేచర్‌లో పారే కరెంటు. క్షేత్రం రెండు చోట్లా ఉంది. అసలు కథంతా అందులోనే ఉంది.

అయిదు హార్స్‌పవర్ల ల్యాబ్ మోటారును తీసుకుని లెక్క వేసి చూద్దాం. సరఫరా 220 వోల్టులు, ఆర్మేచర్ నిరోధం ఒక ఓమ్, పూర్తి లోడ్ కరెంటు 18 ఆంపియర్లు అనుకుందాం. ఆ కరెంటు నిరోధాన్ని దాటడానికి 18 వోల్టులు పోతాయి. మిగతా 202 వోల్టులూ బ్యాక్ ఈఎంఎఫ్‌ను తట్టుకోవడానికే సరిపోతాయి. అంటే 220 వోల్టులు ఇస్తున్నా మోటారులోకి కరెంటును నెట్టే వోల్టేజీ వీటి తేడా, కేవలం 18.

ఇప్పుడు క్షేత్రాన్ని పది శాతం తగ్గిద్దాం. వేగం ఒక్క క్షణంలో మారదు, ఎందుకంటే బరువైన ఆర్మేచర్ తిరుగుతోంది. కాబట్టి బ్యాక్ ఈఎంఎఫ్ పది శాతం పడి 182 వోల్టులకు వస్తుంది. నెట్టే వోల్టేజీ 18 నుంచి 38కి ఎగురుతుంది. కరెంటు కూడా 18 నుంచి 38 ఆంపియర్లకు, అంటే రెట్టింపుకు మించి పెరుగుతుంది. క్షేత్రం పది శాతం తగ్గితే కరెంటు రెండింతలు దాటింది. టార్క్ వీటి లబ్ధం కాబట్టి అది తగ్గకపోగా సుమారు 1.9 రెట్లయింది! ఆ అదనపు మెలి వల్లే మోటారు వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన కొద్దీ బ్యాక్ ఈఎంఎఫ్ మళ్లీ పెరుగుతుంది, కరెంటు దిగుతుంది. లోడ్‌కు సరిపడా కరెంటు మిగిలే చోట వేగం కుదుటపడుతుంది.

కుదుటపడ్డాక లెక్క వేరు. లోడ్ అడిగే మెలి మునుపటిలాగే ఉంటే, బలం తగ్గిన క్షేత్రంతో అదే మెలి ఇవ్వడానికి కరెంటు 18 చాలదు, 20 ఆంపియర్లు కావాలి. చుట్టల్లోని రాగి మాత్రం 18 ఆంపియర్ల వేడినే రోజంతా భరించగలదు. 20 ఆంపియర్లు పారితే వేడి కరెంటు వర్గం చొప్పున, దాదాపు 23 శాతం పెరుగుతుంది. ఇన్సులేషన్ మాడకుండా ఉండాలంటే కరెంటును 18 దగ్గరే ఆపాలి. ఆపితే టార్క్ పది శాతం తగ్గినట్టే. వేగం 1,500 నుంచి సుమారు 1,667కి పెరిగింది, అంటే తొమ్మిదో వంతు ఎక్కువ. తగ్గిన మెలిని పెరిగిన వేగంతో గుణిస్తే శక్తి మొదట్లో ఎంతో ఇప్పుడూ అంతే.

శక్తి స్థిరంగా ఎందుకు ఉంటుందన్నదీ ఇక్కడే తేలిపోతుంది. వోల్టేజీకి ఒక పైకప్పు ఉంది, అది సరఫరా పెట్టిన హద్దు. కరెంటుకు ఒక పైకప్పు ఉంది, అది వేడి పెట్టిన హద్దు. రెండు పైకప్పులనూ తాకాక వాటి లబ్ధం పెరిగే దారి లేదు. వేగం పెరగాలంటే అంత మేర క్షేత్రం తగ్గాలి, క్షేత్రం తగ్గితే అంత మేర మెలి తగ్గాలి. మోటారు అలసిపోవడం వల్లనో, బేరింగుల రాపిడి వల్లనో, గాలి అడ్డుపడటం వల్లనో లాగుడు తగ్గుతోందని చాలామంది అనుకుంటారు. ఆ నష్టాలు ఉన్నమాట నిజమే గానీ అవి లేకపోయినా ఈ తగ్గుదల ఉంటుంది.

ఈ ప్రయోగం మొదలెట్టే ముందు ల్యాబ్ అసిస్టెంట్ ఒక మాట గట్టిగా చెబుతారు: ఫీల్డ్ రియోస్టాట్ కనిష్ఠ నిరోధం దగ్గర ఉందో లేదో చూసుకున్నాకే స్విచ్ వేయండి. కారణం పైన వేసిన లెక్కలోనే ఉంది. లోడ్ లేని మోటారుకు ఫీల్డ్ తీగ ఒకటి ఊడితే ఇనుములో మిగిలి ఉండే కొద్దిపాటి అయస్కాంతత్వం తప్ప క్షేత్రం ఉండదు. ఆ చిన్న క్షేత్రంతో 220 వోల్టుల బ్యాక్ ఈఎంఎఫ్ పుట్టించడానికి మోటారు వేగం పిచ్చిగా ఎగబాకుతుంది. ఆర్మేచర్ చుట్టలను పట్టి ఉంచే బ్యాండింగ్ తీగలు తెగి, కమ్యుటేటర్ పలకలు ఊడి పడేదాకా పోవచ్చు. అందుకే షంట్ మోటారు ఫీల్డ్ సర్క్యూట్‌లో ఫ్యూజు పెట్టరు. అందుకే త్రీ పాయింట్ స్టార్టర్‌లో పిడిని పట్టి ఉంచే అయస్కాంతపు చుట్టను ఫీల్డ్‌తోనే సిరీస్‌లో కలిపారు. ఫీల్డ్ తెగితే పిడి జారి సరఫరా ఆగిపోతుంది.

ఆ జాగ్రత్తలోనే ఒక ఇబ్బందీ ఉంది. వేగం కోసం ఫీల్డ్ కరెంటును బాగా తగ్గిస్తే, అదే కరెంటు మీద బతికే ఆ చుట్ట కూడా బలహీనపడి, తప్పేమీ జరగకుండానే పిడిని వదిలేస్తుంది. నడుస్తున్న మోటారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ చుట్టను ఫీల్డ్ నుంచి విడదీసి, తన సొంత నిరోధంతో నేరుగా సరఫరాకు కలిపిన ఫోర్ పాయింట్ స్టార్టర్ వచ్చింది అందుకే. దానికి మళ్లీ ఫీల్డ్ తెగిన సంగతి తెలియదు కాబట్టి ఫీల్డ్ పోయినప్పుడు సరఫరాను తెంచే రిలే విడిగా పెట్టుకోవాలి.

కారులో ఉండే మోటారు ఇలాంటిది కాదు. లీఫ్‌లో ఫీల్డ్ చుట్టే లేదు, రోటర్ లోపల శాశ్వత అయస్కాంతాలు పొదిగి ఉంటాయి. వాటికి రియోస్టాట్ పెట్టే వీలు లేదు, కావాల్సినప్పుడు బలం తగ్గించుకునే మీట లేదు. అయినా 2,730 దాటాక 9,800 దాకా పోతోందంటే క్షేత్రం ఏదో ఒక రకంగా తగ్గుతూనే ఉండాలి.

తగ్గించేది స్టేటర్ చుట్టల్లోకి కరెంటు పంపే ఇన్వర్టర్. మామూలుగా ఆ కరెంటును అయస్కాంతాలకు లంబంగా క్షేత్రం పుట్టేలా సమయం చూసి పంపుతుంది, అప్పుడు కరెంటు మొత్తం మెలికే పనికొస్తుంది. బేస్ స్పీడ్ దాటాక కరెంటు తరంగాన్ని కొద్దిగా ముందుకు జరుపుతుంది. దాంతో కరెంటులో ఒక భాగం మెలికి, ఇంకో భాగం అయస్కాంతాలకు ఎదురు క్షేత్రం పుట్టించడానికి విడిపోతుంది. అయస్కాంతం బలం తగ్గలేదు, దానికి ఎదురుగా మరో క్షేత్రం నిలబడింది. చుట్టలకు తగిలే నికర క్షేత్రం చిన్నదైంది, అంత వేగంలోనూ బ్యాక్ ఈఎంఎఫ్ బ్యాటరీ వోల్టేజీని మించకుండా ఉంది.

దీనికి ధర ఉంది. ఈ రెండు భాగాలూ ఒకదానికొకటి లంబకోణంలో ఉంటాయి కాబట్టి వాటిని కలిపే లెక్క లంబకోణ త్రిభుజం లెక్క. ఇన్వర్టర్ ఇవ్వగల కరెంటు మొత్తం 100 వంతులు అనుకుంటే, ఎదురు క్షేత్రానికి 60 పోతే మెలికి మిగిలేది 80. ఎదురు క్షేత్రానికి 80 పోతే మెలికి 60. ఇలాంటి మోటార్లలో అయస్కాంతాలను రోటర్ ఉపరితలం మీద అతికించకుండా ఇనుము లోపల పొదగడానికి ఒక కారణం ఈ నష్టాన్ని పూడ్చుకోవడమే. అలా పొదిగినప్పుడు ఇనుము అమరిక వల్ల ఆ ఎదురు కరెంటు కూడా కొంత మెలిని ఇస్తుంది. దాన్ని రిలక్టెన్స్ టార్క్ అంటారు.

రోడ్డు మీద ఇది ఎలా తెలుస్తుంది? లీఫ్‌లో గేర్లు మార్చే పని లేదు. మోటారు సుమారు 7.94 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ఆ టైర్ల కొలతతో లెక్కిస్తే 2,730 చుట్లు అంటే గంటకు సుమారు 40 కిలోమీటర్లు. ఆ వేగం దాకా చక్రాలు రోడ్డును నెట్టే బలం సుమారు 7,000 న్యూటన్లు. డ్రైవరుతో కలిపి 1,600 కిలోలుండే కారును అది వెన్ను సీటుకు అతుక్కునేలా ముందుకు తోస్తుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఆ బలం సగానికి, 3,600 న్యూటన్లకు వస్తుంది. 120 దగ్గర 2,400. అందులోంచి గాలి, టైర్ల రాపిడి కలిసి 600 దాకా తినేస్తాయి. ముందున్న లారీని దాటడానికి చేతిలో మిగిలేది 1,800 న్యూటన్లు, అంటే 40 దగ్గరున్న దాంట్లో సుమారు నాలుగో వంతు. సిగ్నల్ దగ్గర పెద్ద పెట్రోలు కార్లను వెనక్కి నెట్టే ఎలక్ట్రిక్ కారు, హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఎందుకు మామూలుగా అనిపిస్తుందో ఈ అంకెలే చెబుతాయి. గాలి అడ్డు తిన్నది 600 మాత్రమే. పోయిన మిగతా నాలుగు వేల ఆరువందల న్యూటన్లు బేస్ స్పీడ్ దాటినందుకు పోయినవి.

బ్యాటరీ తగ్గినప్పుడు ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. లీఫ్ బ్యాటరీలో సెల్ జంటలు 96 వరుసగా ఉంటాయి. ఛార్జి దిగే కొద్దీ ఒక్కో సెల్‌లో అర వోల్టు తగ్గితే మొత్తం మీద 48 వోల్టులు తగ్గినట్టు. వోల్టేజీ పైకప్పే కిందికి దిగింది గనక బేస్ స్పీడ్ కూడా దిగుతుంది, దానికి ఎగువన అందే శక్తి కూడా తగ్గుతుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగేవాళ్లకు తేడా తెలియదు, ఎందుకంటే తక్కువ వేగంలో మెలికి కరెంటు చాలు, వోల్టేజీ మిగులుగానే ఉంటుంది. తేడా హైవే ఎక్కాకే బయటపడుతుంది.

ఇంకో చిక్కు, డ్రైవరుకు కనబడనిది, ఇన్వర్టర్ తయారుచేసేవాళ్లకు నిద్ర పట్టనివ్వనిది. కారు గంటకు 130లో పోతుండగా ఇన్వర్టర్ ఏదో లోపంతో స్విచ్‌లన్నీ ఆపేసిందనుకుందాం. ఎదురు క్షేత్రం ఆ క్షణమే మాయమవుతుంది. అయస్కాంతాలు మాత్రం పూర్తి బలంతో తిరుగుతూనే ఉంటాయి. మోటారు చివర్ల దగ్గర వోల్టేజీ బ్యాటరీని దాటిపోతే, స్విచ్‌ల పక్కనున్న డయోడ్ల గుండా కరెంటు అదుపు లేకుండా బ్యాటరీలోకి దూసుకుపోతుంది. యాక్సిలరేటర్ వదిలేసినా, బ్రేకు తొక్కకపోయినా కారు తనంతట తానే బ్రేకు పడ్డట్టు లాగబడుతుంది. అప్పుడే బ్యాటరీ కాంటాక్టర్ తెరుచుకుంటే ఆ వోల్టేజీ అంతా ఇన్వర్టర్ కెపాసిటర్ మీద పడుతుంది. దీనికి విరుగుడుగా వేగం ఎక్కువ ఉన్నప్పుడు స్విచ్‌లను తెరిచి వదిలేయరు. కింది మూడు స్విచ్‌లనూ ఒకేసారి మూసి మోటారు మూడు తీగలనూ ఒకదానితో ఒకటి కలిపేస్తారు. చుట్టల ఇండక్టెన్స్ ఆ షార్ట్ సర్క్యూట్ కరెంటును హద్దులో ఉంచుతుంది. ఆ వేగంలో అది కలిగించే బ్రేకు మెలి కూడా కొద్దిగానే ఉంటుంది.

ఇన్ని తంటాలు పడేకంటే 9,800 చుట్ల దాకా పూర్తి 280 న్యూటన్ మీటర్లు ఇచ్చే మోటారునే పెట్టవచ్చు గదా? లెక్క వేస్తే ఆ చివర శక్తి 287 కిలోవాట్లవుతుంది. బ్యాటరీ, ఇన్వర్టర్, తీగలు అన్నీ మూడున్నర రెట్ల పైమాటే కావాలి. వోల్టేజీ పైకప్పును పైకి జరపడం ఇంకో మార్గం. టొయోటా 2003లో తెచ్చిన రెండో తరం ప్రియస్‌లో 201.6 వోల్టుల బ్యాటరీకీ ఇన్వర్టర్‌కూ మధ్య బూస్ట్ కన్వర్టర్ పెట్టి 500 వోల్టుల దాకా పెంచింది. మూడో మార్గం గేరు. పోర్షే టైకాన్ వెనక ఇరుసుకు రెండు గేర్లు పెట్టింది. మామూలు కార్లలో ఇవేవీ పెట్టకుండా బేస్ స్పీడ్‌కు మూడింతలు నాలుగింతల దాకా ఫీల్డ్ వీకెనింగ్‌తోనే నెట్టుకొస్తారు, ఎందుకంటే గంటకు 120 దగ్గర ఏడు వేల న్యూటన్ల బలం రోజువారీ ప్రయాణంలో ఎవరికీ అక్కర్లేదు.

గేరు విషయం ఎంత తేడా తెస్తుందో చూడాలంటే మన రైలు పట్టాల మీదికి రావాలి. కాజీపేట షెడ్డులో కనిపించే డబ్ల్యూఏజీ-9 గూడ్స్ ఇంజిను. లాలాగూడ షెడ్డు నుంచి ఎక్స్‌ప్రెస్‌లను లాగే డబ్ల్యూఏపీ-7 ప్యాసింజర్ ఇంజిను. రెండూ సుమారు 123 టన్నుల బరువు, రెండింటిలోనూ ఒకే రకం త్రీఫేజ్ ఇండక్షన్ మోటార్లు ఆరేసి. తేడా ప్రధానంగా గేరు నిష్పత్తిలోనే. గూడ్స్ ఇంజినులో అది సుమారు 5.1, ప్యాసింజర్‌లో 3.6.

గూడ్స్ ఇంజిను కదిలేటప్పుడు గరిష్ఠంగా సుమారు 458 కిలోన్యూటన్ల బలంతో లాగుతుంది, ప్యాసింజర్ ఇంజిను 323తో. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే 1.42 వస్తుంది. 5.1ని 3.6తో భాగించినా అదే. గూడ్స్ ఇంజిను తన పూర్తి శక్తి, సుమారు 4,500 కిలోవాట్లను గంటకు 50 కిలోమీటర్ల దగ్గర అందుకుంటుంది, అక్కడ లాగుడు 325 కిలోన్యూటన్లు. ప్యాసింజర్ ఇంజిను అదే శక్తిని 71 దగ్గర అందుకుంటుంది, అక్కడ లాగుడు 228. ఆ పైన రెండింటిదీ ఒకటే దారి. వేగం రెట్టింపైతే లాగుడు సగం. 100 దగ్గర గూడ్స్ ఇంజినుకు 162 కిలోన్యూటన్లు, 140 దగ్గర ప్యాసింజర్ ఇంజినుకు 116 మిగులుతాయి. గేరు మారిస్తే ఆ వంపు గీత పక్కకు జరిగిందే గానీ దాని ఆకారం మారలేదు. లీఫ్‌లో లాగా బేస్ స్పీడ్ దాకా లాగుడు సమంగా ఉండకపోవడం మాత్రం ఇక్కడ వేరే కారణం వల్ల. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద జారకుండా చూసుకోవాలి గనక వేగం పెరిగిన కొద్దీ ఇంజిను తనే కొంత తగ్గించుకుంటుంది.

ఈ ఇండక్షన్ మోటార్లలో క్షేత్రాన్ని ఎవరూ పనిగట్టుకుని తగ్గించరు కూడా. వాటిలో క్షేత్రం బలం వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగించినంత ఉంటుంది. బేస్ స్పీడ్ దాకా రెండింటినీ కలిపి పెంచుతారు, క్షేత్రం నిలకడగా ఉంటుంది. వోల్టేజీ పైకప్పు తగిలాక ఫ్రీక్వెన్సీ ఒక్కటే పెరుగుతుంది, క్షేత్రం దానంతటదే పలచబడుతుంది. స్థిర శక్తికి కూడా ఒక చివర ఉంటుంది. ఇండక్షన్ మోటారు మొండికేసి ఆగిపోయే ముందు ఇవ్వగల గరిష్ఠ మెలి, వేగం వర్గం చొప్పున తగ్గుతుంది. అంటే వేగం రెట్టింపైతే నాలుగో వంతుకు. పని చేసే మెలి సగానికే తగ్గుతోంది గనక ఒక వేగం దగ్గర ఈ రెండు గీతలూ కలుస్తాయి. ఆ పైన శక్తి కూడా పడిపోతుంది.

ఇదే లెక్క తెలియక చిన్న ఫ్యాక్టరీల్లో మోటార్లు ట్రిప్పవుతుంటాయి. రైస్ మిల్లులోనో కోళ్ల దాణా మిల్లులోనో ఒక బ్లోయర్‌కు 7.5 కిలోవాట్ల మోటారు, దానికి వీఎఫ్‌డీ అనే ఫ్రీక్వెన్సీ డ్రైవ్ ఉందనుకోండి. గాలి చాలడం లేదని డ్రైవ్‌లో గరిష్ఠ ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ నుంచి 60కి పెంచుతారు. సరఫరా 415 వోల్టులే, డ్రైవ్ అంతకు మించి ఇవ్వలేదు. క్షేత్రం 60కి 50 చొప్పున పడిపోయి, మోటారు ఇవ్వగల మెలి 83 శాతానికి దిగుతుంది. బ్లోయర్ మాత్రం వేగం వర్గం చొప్పున, అంటే 44 శాతం ఎక్కువ మెలి అడుగుతుంది. పూర్తి లోడ్‌లో నడుస్తున్న మోటారైతే డ్రైవ్ తెరమీద కరెంటు అంకె ఎగబాకి, కొన్ని నిమిషాల్లో ఓవర్‌లోడ్ అని చూపి ఆగిపోతుంది. మోటారు పాడైందనుకుని రీవైండింగ్‌కు పంపినా తిరిగొచ్చాక అదే జరుగుతుంది.

ఫ్రీక్వెన్సీని 50కే ఉంచి పుల్లీ మార్చి బ్లోయర్‌ను అదే వేగంతో తిప్పినా తప్పించుకోలేరు. బ్లోయర్ అడిగే శక్తి వేగం ఘనం చొప్పున, 1.73 రెట్లవుతుంది. అంటే 7.5 కిలోవాట్ల చోట 13 కిలోవాట్లు. దానికి 15 కిలోవాట్ల మోటారు తప్పదు. అదే బ్లోయర్ 50 హెర్ట్జ్ దగ్గర 4 కిలోవాట్లే తీసుకుంటూ ఉంటే సంగతి వేరు. 60 దగ్గర అది 6.9 కిలోవాట్లవుతుంది, 7.5 కిలోవాట్ల మోటారు బలహీనపడ్డ క్షేత్రంతోనే హాయిగా నడుస్తుంది. రెండింట్లో ఏది తమ పరిస్థితో తెలుసుకోవాలంటే సెట్టింగ్ మార్చకముందే, 50 హెర్ట్జ్ దగ్గర బ్లోయర్ నిండుగా నడుస్తున్నప్పుడు డ్రైవ్ తెరమీద కిలోవాట్ల అంకె చూసి 1.73తో గుణిస్తే చాలు.